ఒక్క సూదితో లేచిన సైనికులు

టీకా ఎలా పనిచేస్తుందో ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు తల్లులకు చూపించే మూడు నిమిషాల బొమ్మల సినిమా అది. కథనం నాది. మొదటి నిమిషంలో జబ్బు, రెండో నిమిషంలో సూది, మూడో నిమిషంలో ఆ జబ్బును తరమడానికి ఒంట్లో లేచే సైనికులు. సూదిని మూడుసార్లు చూపించాలని మాకు సలహాలిచ్చే డాక్టరు పట్టుబట్టారు. మొదటి సూదికి కొందరు సైనికులే లేస్తారని, తర్వాతి రెండింటికీ బలగం పెరుగుతుందని చెప్పారు. ఒకే దృశ్యం మూడుసార్లు వేస్తే జనం ఆవులిస్తారని నేను కొట్టేశాను. ఎంత తెలివి నాది!

ఏడాది తర్వాత ఉరవకొండ దగ్గర ఒక ఊరికి వెళితే, అక్కడి కార్యకర్త నన్ను కూర్చోమని కూడా అనలేదు.

"మొదటి సూదికి బిడ్డకు జొరం వచ్చిందన్నా. ఇంకా రెండు ఏపియ్యల్లమ్మా అని తల్లిని బతిమాలినా. నువ్వు చూపిచ్చిన సినిమాలో ఒక్కదానికే అందరూ లేచినారు కదా, ఇంకెందుకని ఆయమ్మ బిడ్డను ఎత్తుకొని బెంగుళూరుకు కూలికి పోయింది. ఆడ కోరింతదగ్గు వచ్చి బిడ్డ చచ్చిపోయినాడు."

ఇప్పుడు ఆ సినిమాలో సూది మూడుసార్లు దిగుతుంది. జనం ఆవులిస్తారు, ఆవులించనీ. రెండో సూది రాగానే నేనే తెర వైపు చూడలేను.