పదిహేను వంతులు

ల్యాబులో అందరూ ఆమెను 'మళ్ళీ అక్క' అంటారు. ఎవరు రక్తం పంపినా ట్యూబు వెలుతురుకి ఎత్తి చూస్తుంది, మూత రంగు చూస్తుంది, తీసిన వేళ చూస్తుంది. ఏ ఒక్కటి నచ్చకపోయినా వార్డుకి ఫోను చేస్తుంది. "మళ్ళీ తీయండి." అంతకు మించి మాట్లాడదు. వార్డుల్లో సిస్టర్లకి ఆమె గొంతు వింటేనే ఒళ్ళు మంట.

ఆమె భర్త టైలరు. కొలత రెండుసార్లు తీయడం తన దగ్గరే నేర్చుకుందని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెబుతాడు. అది నిజం కాదని ఆయనకీ తెలుసు.

ఉద్యోగంలో చేరిన ఏడాది, ఒక సాయంత్రం రక్తం గిర్రున తిప్పే యంత్రం ఆగిపోయింది. తిప్పితే తప్ప కణాలు వేరుపడవు. పాడైపోకుండా ఉంటాయని ట్యూబుల్ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్ళింది. పాలు, కూరగాయలు ఫ్రిజ్‌లో పెట్టినంత భరోసాగా. చలికి కణాల్లోని పొటాషియం తెల్లారేసరికి బయటికి కారిపోయింది. పైన తేరిన నీరు మాత్రం తేటగా, ఏ అనుమానమూ రాకుండా ఉంది. పొటాషియం బాగా పెరిగిందన్న రిపోర్టు నమ్మి, ఆ జబ్బే లేని ఒక ముసలామెకి పొటాషియం తగ్గించే మందులెక్కించారు. ఆమె గుండె రెండు రోజులు గతి తప్పింది. బతికింది. కానీ ఆ రెండు రోజులూ వార్డు గుమ్మం దగ్గర నిలబడిన ఆ కొత్త ల్యాబు పిల్లకి 'మళ్ళీ' అన్న మాట నోటికి అంటుకుపోయింది.

ఇరవై రెండేళ్ళ తరవాత, ఒక ఉదయం పదకొండున్నరకి, ఆమె ట్యూబులు సర్దుతూ ఉండగా పరీక్ష చేసే యంత్రం కూత పెట్టింది. తెర మీద ఎర్రటి అంకె. షుగరు ఎనిమిది వందల నలభై మూడు.

మూడో అంతస్తు, ఆరో మంచం. మనిషి బేకరీలో పనిచేస్తాడు. పిండి కలిపే యంత్రంలో కుడి చెయ్యి పడి ముంజేయి విరిగింది, నిన్న ఆపరేషనయింది. ఆమె నిన్నటి రిపోర్టు తెరిచి పక్కన పెట్టుకుంది. నిన్న షుగరు నూట పది. సోడియం నూట ముప్ఫై ఎనిమిది, ఇవాళ నూట పదిహేడు. కాల్షియం తొమ్మిది పాయింట్ నాలుగు, ఇవాళ ఎనిమిది. హిమోగ్లోబిన్ పన్నెండు, ఇవాళ పది పాయింట్ రెండు.

పెన్ను తీసి అరచేతి మీదే లెక్క వేసింది. ఒక్కొక్కటీ నూటికి పదిహేను వంతులు తగ్గింది. మూడూ అంతే. పెరిగింది షుగరొక్కటే.

జబ్బు ఇంత సమానంగా పంచదు. రక్తంలో కలిసిన నీళ్ళు పంచుతాయి.

వార్డుకి ఫోను చేసింది. బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. అప్పుడు గుర్తొచ్చింది. యంత్రం లెక్క తేల్చగానే అంకెలు వాటంతటవే వార్డు కంప్యూటరుకి వెళ్ళిపోతాయి. అంటే పైన డాక్టరు ఇప్పటికే చూసేసుంటాడు. చూస్తే ఏం చేస్తాడు? ఇన్సులిన్ ఇస్తాడు. నూట పది ఉన్నవాడికి అంత మోతాదు పడితే షుగరు నేల మట్టానికి దిగిపోతుంది. మనిషి మత్తులోకి జారతాడు.

లిఫ్టు నాలుగో అంతస్తులో ఉంది. అది దిగేదాకా ఆగలేదు. మెట్లెక్కింది. యాభయ్యో ఏట, మోకాళ్ళ నొప్పులతో, చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆరో మంచం దగ్గర కుర్ర డాక్టరు నిలబడి ఉన్నాడు. సిస్టరు చేతిలో సిరంజి. మంచం మీద బేకరీ మనిషి గోడకి ఆనుకుని కూర్చుని, కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. కుడి చెయ్యి కట్టులో ఉంది. ఎడమ ముంజేతికి డ్రిప్పు. సీసా మీద చక్కెర నీరని రాసుంది. ఎడమ మోచేతి మడతలో, డ్రిప్పుకి పైన, రక్తం తీసిన చోట చిన్న దూది అంటించి ఉంది.

ఆ దూది చూడగానే ఆమెకి పట్టరాని సంతోషం వచ్చింది. మాట రావడానికి ఊపిరి చాల్లేదు. సిస్టరు చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఆగమ్మా. ఆ రక్తం తప్పు."

డాక్టరు ముఖం చిట్లించాడు. షుగరు అంత పెరిగితే సోడియం తగ్గుతుందనీ, అంకెలకి పొంతన ఉందనీ, ల్యాబు వాళ్ళు వార్డు పనిలో దూరకూడదనీ చెప్పాడు. ఆమె అంతా విన్నది. తరవాత అరచెయ్యి చాపి చూపించింది.

"సోడియం ఒక్కటే తగ్గితే నోరు మూసుకుని వెళ్ళిపోయేదాన్ని డాక్టరుగారూ. కాల్షియం ఎందుకు తగ్గింది? హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గింది? అన్నీ ఒకే వంతున ఎందుకు తగ్గాయి? ఈయన ఒంట్లో ఎవరైనా తక్కెడ పెట్టుకుని కూర్చున్నారా?"

సిస్టరు తల దించుకుంది. కుడి చెయ్యి కట్టులో ఉంది కదా అని ఎడమ చేతినే తీశానని, మోచేతి దగ్గర నరం బాగా కనిపించిందని మెల్లగా చెప్పింది. డ్రిప్పు నడుస్తూనే ఉందట.

"నరం పైకే పారుతుంది తల్లీ. కింద ఎక్కించిన చక్కెర నీళ్ళని పైన పట్టుకున్నావు."

కట్టు చివర కుడి చేతి వేళ్ళు బయటికే ఉన్నాయి. ఆమె ఆ వేళ్ళ వంక చూసింది. డాక్టరూ చూశాడు. ఇంకేమీ అనకుండా చిన్న మీటరు తెప్పించి, చూపుడు వేలు తుడిచి పొడిచాడు. అయిదు సెకన్లు. నలుగురూ ఆ చిన్న తెర మీదికి వంగారు.

నూట నాలుగు.

డాక్టరు సిరంజిని తనే తీసుకుని ట్రేలో పెట్టాడు. పెట్టాక కూడా దాని వంకే చూస్తూ నిలబడ్డాడు.

"మళ్ళీ తీద్దామా అక్కా?" అన్నాడు. ఆ మాట ఆమె కంటే ముందు ఇంకొకరు అనడం అదే మొదటిసారి.

డ్రిప్పు ఆపించింది. గోడ గడియారంలో రెండు నిమిషాలు లెక్కపెట్టించింది. డ్రిప్పుకి కింద, అరచేతి వెనక, సన్నటి నరం వెతికి పట్టుకుంది సిస్టరు. మొదట వచ్చిన కాస్త రక్తాన్ని పారేయించింది. కంగారులో సిస్టరు చెయ్యి ఊదా మూత ట్యూబు మీదికి పోయింది. ఆమె పసుపు మూతది అందించింది. ఊదా దాంట్లో ఉండేది పొటాషియం ఉప్పే. దాని చుక్క సూది వెంట పసుపు దాంట్లోకి వచ్చిందంటే పొటాషియం పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది, రేపు ఇంకో పరుగు. ముందు పసుపు, తరవాత ఊదా, షుగరుకి బూడిద రంగుది ఆఖర్న.

బేకరీ మనిషి అంతా చూస్తూ ఉన్నాడు.

"ఇందాకటిది ఎవరి రక్తమమ్మా?"

"నీదే నాయనా. పిండి తక్కువ, నీళ్ళెక్కువ."

"అట్లా కలిపితే మా ఓనరు నన్ను ఆ పూటే పంపించేస్తాడు" అన్నాడాయన. సిస్టరు ఏడుపు ముఖంతోనే నవ్వేసింది.

ట్యూబుల్ని గుప్పిట్లో పట్టుకుని ఆమె మెట్లు దిగింది. ఆగితే కణాలు చక్కెర తింటూనే ఉంటాయి. బూడిద రంగు ట్యూబులో మందు వాటిని ఆపుతుంది, నిజమే. అయినా ఆగలేదు. పసుపుది గడ్డ కట్టేదాకా గడియారం చూసుకుని, తిప్పి, యంత్రంలో పెట్టింది. ఈసారి వేరే బల్ల దగ్గరికి పోలేదు. తెర ముందే నిలబడింది.

సోడియం నూట ముప్ఫై ఎనిమిది. కాల్షియం తొమ్మిది పాయింట్ మూడు. షుగరు నూట ఆరు. హిమోగ్లోబిన్ పన్నెండు.

వార్డుకి ఫోను చేసింది. మొదటి గంటకే ఎత్తారు. అంకెలు చదివింది. అవతల సిస్టరు ఒక్కొక్కటీ తిరిగి చెప్పింది.

"ఇంకేమైనా తీయాలా అక్కా?"

"వద్దమ్మా" అంది ఆమె. "చాలు."

ఫోను పెట్టేశాక చూసుకుంది. చెప్పులు మూడో అంతస్తులోనే ఉండిపోయాయి.