నలభై అయిదు సెకన్లలో ఉప్పునీళ్ళ సంగతి

“...అబద్ధం చెప్పమనట్లేదు కదండి, ఆ ఒక్క ముక్క వీడియో కింద రాయండి అంటున్నాను,” అన్నాడు తాతాజీ.

“కింద రాసింది ఎవరు చదువుతారండి?”

“మీరు చదువుతారు. బిస్కెట్ ప్యాకెట్ మీద రాసింది కూడా వదలరు.”

సూర్యకళ నవ్వలేదు. భీమవరంలో చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో ఆమెది పదహారేళ్ళ ఉద్యోగం. ల్యాబ్ మేడమీద గదిలో ఒక్కతే ఉంటుంది. రొయ్యల రైతులు కొనే పరికరాలను వాడి చూసి, నలభై అయిదు సెకన్ల వీడియోలు చేస్తుంది. ఆ లోపలే ఒక లోపం చెప్పి తీరాలన్నది ఆమె పెట్టుకున్న నియమం. పరికరాల కొట్టున్న తాతాజీ వాటిని తెచ్చిస్తాడు. ఫ్లాస్కులో టీ కూడా తెస్తాడు. ఆదివారాలు ఆ మెట్లెక్కే మనిషి అతనొక్కడే.

ఈసారి తెచ్చింది నీటిలో ఆక్సిజన్ చూపే పెన్ను లాంటి మీటరు. మంచినీళ్ళ చెరువులో సరిగ్గానే చూపింది. నరసాపురం దగ్గర ఉప్పునీళ్ళ చెరువులో ముంచితే 4.1 అంది. అదే చోట సీసాలో నీళ్ళు పట్టి, ఆక్సిజన్ మారకుండా గట్టు మీదే మందులు వేసి తెచ్చి ల్యాబ్‌లో తేలిస్తే 3.7 వచ్చింది. మూడు సీసాలకూ అంతే. నీటిలో ఉప్పు ఎంతుందో బటన్ నొక్కి మీటరుకు తెలిపే వీలు లేదు, అందుకే ఆ తేడా. ఆక్సిజన్ నాలుగుకంటే తగ్గితే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు వేయాలి. మీటరు నాలుగు దాటిందంటే రైతు వేయడు.

“పోనీ, కొంచెం తేడా ఉండొచ్చు అనండి.”

“కొంచెం అంటే ఎంత అనుకుంటారండి వాళ్ళు?”

తాతాజీ కప్పు కింద పెట్టాడు. “ఈ మీటరు కంపెనీవాళ్ళు మూడు మండలాలకి డీలర్‌షిప్ ఇచ్చారండి నాకు. వీడియో చూశారంటే తీసేస్తారు. అది పోయాక ఇంక నేనిటు రావడం కుదరదు. ఇంట్లో ఊరుకోరు.”

అతను వెళ్ళాక సూర్యకళ ఫోన్‌లో టైమర్ పెట్టి స్క్రిప్టు పైకి చదివింది. యాభై ఎనిమిది సెకన్లు. ఉప్పు సంగతి నలభై అయిదు దాటాకే మొదలైంది. అది వదిలేసి చదివితే సరిగ్గా సరిపోయింది. వినడానికి కూడా బాగుంది. రెండోసారి కూడా అలాగే చదివింది.

తర్వాత పెన్ను తీసి స్క్రిప్టులో మీటరు పెట్టె సంగతి కొట్టేసింది. రంగు, బ్యాటరీ కొట్టేసింది. ఇంకా నాలుగు సెకన్లు ఎక్కువ. మొదటి వాక్యంలో నమస్కారాన్నీ తన పేరునూ కొట్టేసింది. ఉప్పు సంగతిని ముందుకి జరిపి, ఖాళీ కుర్చీ వైపు తిరిగి మొదటినుంచి చదివింది. ఇరవయ్యో సెకనుకి ఆ మాట వచ్చింది.

“మంచినీళ్ళకి ఈ మీటరు నమ్మొచ్చండి. ఉప్పునీళ్ళలో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తోంది. మేం చూసిన చెరువులో మూడు పాయింట్ ఏడు ఉంటే నాలుగు పాయింట్ ఒకటి అంది. అది నమ్మి ఏరియేటర్లు ఆపకండి.”

మొత్తం నలభై నాలుగు సెకన్లు.

తాతాజీకి ఫోన్ చేసింది. వెంటనే ఎత్తాడు.

“చెప్పండి మేడమ్. భోంచేశారా?”

“ఇంకా లేదండి. ఉప్పు సంగతి ఇరవయ్యో సెకనులో చెబుతున్నాను. రేపు పొద్దున్న ఆరింటికి వీడియో పెడుతున్నాను,” అంది సూర్యకళ.