నాన్న నొక్కే మూడు బటన్లు

మా నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, మాట ఒకే రోజు పోయాయి. ఆసుపత్రి నుంచి పద్మారావు నగర్‌లోని మా ఇంటికి తిరిగొచ్చాక, ఎవరి సాయమూ లేకుండా ఆయన చేసుకోగలిగే పని ఒక్కటే మిగిలింది. టీవీ పెట్టుకోవడం. అన్నం అమ్మ తినిపిస్తుంది. గడ్డం నేను గీస్తాను. గీశాక ఆయన అద్దం కోసం చూడరు, అది నా అదృష్టం.

టీవీ కోసం అమ్మ ఒక ఏర్పాటు చేసింది. రిమోట్ బటన్లన్నిటి మీదా దూది కట్టుకు వాడే తెల్లటేపు అంటించి, మూడింటిని మాత్రం వదిలింది. ఒకటి టీవీ వేసేది, ఒకటి సినిమాల యాప్ తెరిచేది, ఒకటి ఓకే. వరసగా నొక్కితే నిన్న ఆగిన పాత సినిమా ఆగినచోటు నుంచి మొదలయ్యేది. బ్యాంకులో ముప్పై ఏళ్లు అందరి కాగితాల మీదా సంతకాలు పెట్టిన మనిషికి ఇప్పుడున్న అధికారమంతా ఆ మూడు బటన్లే.

ఒక ఉదయం రెండో బటన్ నొక్కితే సినిమా బదులు నల్లటి తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి. ఈ టీవీలో ఈ యాప్ ఇకపై పనిచేయదు, వేరే పరికరం వాడండి. నాన్న మళ్లీ నొక్కారు. మళ్లీ. నేను టిఫిన్ తిని వచ్చేసరికి ఇంకా నొక్కుతూనే ఉన్నారు. తప్పు తన వేలిదనుకున్నారని ఆయన వేలి వంక చూసుకున్నప్పుడు అర్థమైంది.

నిజానికి తప్పు నాది. నెల ముందే ఆ యాప్ ఈ సంగతి హెచ్చరికగా చూపించింది. మా ఇంట్లో తెర మీద ఏ అక్షరాలు కనబడినా రీచార్జి చేయమని వచ్చిన ప్రకటన కిందే లెక్క. చదవకుండా ఓకే కొట్టేశాను. తనలాగే చదువుకున్నవాడు ఇంట్లో ఇంకొకడుండాలని నాన్న నన్ను చదివించారు.

చిలకలగూడ దారిలో ఎలక్ట్రానిక్స్ కొట్టు నడిపే అతనికి టీవీ వెనక మోడల్ నంబరున్న స్టిక్కర్ ఫొటో చూపించాను. కొత్త టీవీ అంటగడతాడని గొడవకు సిద్ధపడే వెళ్లాను. అతను ఆ అవసరమే రానివ్వలేదు.

"టీవీ ఖరాబ్ కాలే తమ్మీ. పాత మోడళ్లకు యాప్ వాళ్లే ఇస్తలేరు. గీ స్టిక్ టీవీ వెనక పెట్టు, యాప్‌లన్నీ దీంట్లకెల్లే వస్తయ్, నడుస్తది."

రిమోట్ సంగతి అడిగాను. స్టిక్‌తో వేరే రిమోట్ వస్తుందన్నాడు. మా నాన్న పరిస్థితి చెప్పాను.

"టీవీ సెట్టింగ్స్‌ల హెచ్‌డీఎంఐ కంట్రోల్ అని ఉంటది, జెర చూడు. అది ఆన్ జేస్తే పాత రిమోట్‌తోనే స్టిక్ నడ్పొచ్చు. అన్ని టీవీలకు నడ్వది మల్ల, ముందే చెప్తున్న."

గోడకు బిగించిన టీవీ వెనక స్టిక్ పట్టలేదు. డబ్బాలో ఇచ్చిన పొట్టి వైరు తగిలిస్తే పట్టింది. కరెంటు కోసం టీవీ యూఎస్‌బీలోనే పెట్టాను. బొమ్మ వచ్చి పోతూ, మళ్లీ మొదటి నుంచి మొదలవుతూ ఉంది. అడాప్టర్ తెచ్చి గోడ ప్లగ్గులో పెట్టాకే నిలబడింది. నాన్న ఖాతాతో లాగిన్ అయ్యాను. ఆయన చూస్తున్న సినిమా ఆగినచోటే ఉంది. అది టీవీలో కాక ఖాతాలో ఉంటుందట. అమ్మ కళ్లు తుడుచుకుంది. గెలిచామనుకున్నాను.

కొత్త రిమోట్ నాన్న ఎడమచేతిలో పెట్టాను. సబ్బుముక్కలా జారి కింద పడింది. రెండోసారీ పడింది. మూడోసారి ఆయన చెయ్యి చాపలేదు. నేనే పెడతానులే నాన్నా, పిలిస్తే చాలు అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆయన పిలవలేరు.

అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఆయనకి మాట ఎలాగూ లేదు. ఆ టీవీ ఒక్కటైనా ఆయన చేతిలో ఉండనీరా."

ఆ సెట్టింగ్ వెతకడానికి సగం మధ్యాహ్నం పట్టింది. మా టీవీ కంపెనీ దానికి వేరే పేరు పెట్టుకుంది. ఆన్ చేసి పాత రిమోట్‌లో కింది బాణం నొక్కాను. స్టిక్ తెర మీద గుర్తు కిందికి దిగింది. కానీ యాప్ బటన్ మాత్రం ఇంకా ఆ నల్లటి తెరనే చూపిస్తోంది. దాన్ని బాగుచేసే మార్గం లేదు. స్టిక్‌లో సినిమాల యాప్‌ను మొదటి వరసలోకి జరిపాను, కింది బాణం ఒక్కసారి నొక్కితే దాని మీదికి చేరేలా. మా టీవీ ఏ ఇన్‌పుట్‌లో ఆపితే అందులోనే మొదలవుతుంది, కాబట్టి వేయగానే స్టిక్ తెరే వస్తుంది, అది మాకు కలిసొచ్చింది. అమ్మ యాప్ బటన్ మీద టేపు అంటించి, కింది బాణం మీది టేపు పీకింది.

మూడు రోజులు నాన్న వేలు ఆ టేపు మీదే ఆగింది. ప్రతిసారీ నేను చెయ్యి పట్టుకుని బాణం దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నా వైపు చూసేవారు కాదు. ఆ మూడు రోజులూ నేను ఒక్క జోకు కూడా వేయలేదు. ఇంట్లో ఎవరికీ లోటు తెలియలేదు.

నాలుగో రోజు వేలు టేపు మీద ఆగింది. నేను అలవాటుగా చెయ్యి ముందుకు చాపాను. ఆయన రిమోట్‌ను ఒళ్లో పడేసి, ఆ ఎడమచేత్తో నా చెయ్యి పక్కకు నెట్టారు. మళ్లీ తీసుకున్నారు. వెతుక్కుని బాణం నొక్కారు. ఓకే నొక్కారు. ఇంకోసారి నొక్కారు. సినిమా మొదలైంది.

నేను వంటింట్లోకి వెళ్లి, మీవారు నన్ను ఉద్యోగంలోంచి తీసేశారని అమ్మకు చెప్పాను. అమ్మ నవ్వలేదు. పొయ్యి కట్టేసి గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి ఆయన్ని చూసింది.