కొత్తపేట కేసు

మేం చదివే రోజుల్లో పిల్లల వైద్యం ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడిందంటే వార్డు సిస్టర్ మొదట చేసే పని కొత్తపేట అవతల ఓ ఊరికి కబురు పంపడం. అక్కడొక తల్లి ఉండేది. భర్త గల్ఫ్‌లో పనిచేసేవాడు. ఆమె పెద్దకొడుక్కి నెఫ్రాటిక్ సిండ్రోమ్. కిడ్నీలో జల్లెడ లాంటి భాగం వదులై, రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్ మూత్రంలో పోతుంది, ఒళ్ళు ఉబ్బుతుంది. స్టెరాయిడ్ మాత్రలు వేస్తే తగ్గుతుంది, ఏ జలుబో చేస్తే మళ్ళీ తిరగబెడుతుంది. పరీక్షలో చూపించడానికి ఇంతకంటే మర్యాదైన రోగం లేదు. వాపు కళ్ళకి కనిపిస్తుంది, పిల్లాడికి నొప్పి ఉండదు, మూత్రం కాస్తే పాలు విరిగినట్టు విరుగుతుంది. ఎంత మొద్దు విద్యార్థి అయినా గట్టెక్కుతాడు.

ఆ తల్లి కూడా మర్యాదస్తురాలే. విద్యార్థి మంచం దగ్గరకు రాగానే అడక్కుండానే అప్పజెప్పేసేదట. “పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద వాపండి. సాయంత్రానికి కాళ్ళకి దిగుద్దండి. మూత్రం నురగండి. రంగు మామూలేనండి, రక్తం లేదండి, ఆయ్.” మా సీనియర్లు నేర్పారో, వినీ వినీ ఆవిడే నేర్చుకుందో తెలియదు. కొత్తపేట కేసు పడిందంటే మొక్కు తీర్చుకోవడానికి వాడపల్లి వెళ్ళొచ్చే వాళ్ళు మా హాస్టల్లో ఉండేవారు.

నాది రెండో ప్రయత్నం. మొదటిసారి ఇదా అదా అని ఊగిసలాడి తప్పాను. “ఒక్క మాట మీద నిలబడటం నేర్చుకోమ్మా,” అన్నారు మా ప్రొఫెసరు గారు. రాజోలులో మా వీధివీధంతా అప్పటికే నన్ను డాక్టరమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. ఈసారి కూడా తప్పితే ఆ వీధిలో నడవలేను. అందుకని గైడు పుస్తకాల్లో ప్రశ్నలన్నీ వల్లె వేశాను. ఆరేళ్ళ బాబు, మొహం వాపు, మూత్రంలో నురగ, ప్రోటీన్ నాలుగు ప్లస్సులు, రక్తంలో అల్బుమిన్ తక్కువ, కొలెస్టరాల్ ఎక్కువ: జవాబు నెఫ్రాటిక్. అదే ఆరేళ్ళ బాబు, అదే మొహం వాపు, కానీ మూత్రం డికాక్షన్ రంగు, బీపీ ఎక్కువ, ప్రోటీన్ ఓ మోస్తరు, మైక్రోస్కోపులో ఎర్రకణాల అచ్చులు: జవాబు నెఫ్రిటిక్. మొదటిది జల్లెడ వదులవడం, రెండోది జల్లెడ వాచి రక్తం కారడం. పుస్తకాల్లో బాబు ఎప్పుడూ ఒక్కడే. వాడి మూత్రమే ప్రశ్నప్రశ్నకీ మారుతుంది.

పరీక్షనాడు నాకు కొత్తపేట కేసే పడింది. పక్క మంచం దగ్గరున్న స్నేహితురాలు కళ్ళతోనే అభినందించింది. తల్లి పాఠం మొదలుపెట్టింది. పిల్లాడి మొహం నిజంగానే ఉబ్బి ఉంది. నేను రాసుకుంటూ పోయాను. “రంగు మామూలేనండి, రక్తం లేదండి,” అంటూ ఆవిడ మంచం కింద ఉన్న సీసా తీసి చేతికిచ్చింది. అందులో ఉన్నది చిక్కటి టీ డికాక్షన్ రంగు.

“అమ్మా, ఇది మామూలు రంగేనా?”

“పెద్దాడికి మామూలేనండి.”

“పెద్దాడెవరు?”

“ఈడు చిన్నాడండి. పెద్దాడు నెల్లాళ్ళ నుంచీ బానే ఉన్నాడు. సిస్టర్ గారేమో రమ్మని కబురెట్టేరు. వాపున్నోడు కావాలి కదండీ మీకు? ఈడికి మూడ్రోజుల కితం వాపొచ్చింది, అదే రోగం కదాని ఈడ్ని తెచ్చేను.”

“మందేమైనా వేశారా?”

“పెద్దాడి మాత్రలే ఏత్తున్నానండి. ఈడి బరువుకి సగం చేసి.”

ఆ సగం చేయడంలోని శ్రద్ధకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. పిల్లల పట్టీ కట్టి బీపీ చూశాను. నూట నలభైకి దగ్గర. ఆరేళ్ళ పిల్లాడికి అది మరీ ఎక్కువ, ఫిట్స్ కూడా రావచ్చు. రెండోసారి చూశాను, అంతే. నిక్కరు కింద కాళ్ళ మీద ఎండిన పుండ్ల మచ్చలు. మూడు వారాల కిందట చీము పట్టాయని, నిన్నటి నుంచీ మూత్రం కొంచెమే పోస్తున్నాడని అడిగితే చెప్పింది. అడగాల్సినవి ఆవిడ పాఠంలో లేవు మరి.

సైడ్ ల్యాబులో పరీక్షనాళికలో మూత్రం పోసి, పైభాగం దీపం మీద కాచాను. మసకేసింది. ఎసిటిక్ ఆసిడ్ చుక్కలు వేసినా ఆ మసక పోలేదు కాబట్టి అది ఆసిడ్‌కి కరిగిపోయే ఫాస్ఫేట్లు కాదు, ప్రోటీనే. అయితే విరగలేదు, గంజిలా ఉంది. రెండు ప్లస్సులు. మిగతాది సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగుచుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్రకణాలు, వాటి మధ్య ఎర్రకణాలు కిక్కిరిసిన సన్నటి గొట్టాలు. కిడ్నీ నాళాల్లో పోతపోసినట్టు తయారయ్యే అచ్చులవి. రక్తం కిడ్నీలోంచే వస్తోందని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బయట ప్రొఫెసరు గారు దగ్గరకొచ్చి, “నెఫ్రాటిక్ కదమ్మా, ధైర్యంగా చెప్పేయ్,” అని గుసగుసలాడారు. పాపం, నా మంచికే. ఆయన చేతిలోని కాగితంలో ఈ మంచానికి ఎదురుగా ఆ జవాబే ఉంది. ఆ మాటనేస్తే నేను రాజోలు వీధిలో తలెత్తుకు తిరగొచ్చు. పిల్లాడు మాత్రం ఇంటికెళ్ళి అన్న మాత్రలు మింగుతూనే ఉంటాడు. నాకు భయమేసింది. అది దాచడం ఎందుకు?

పై ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారి ముందు, “నెఫ్రిటిక్ అండి,” అన్నాను. ప్రొఫెసరు గారు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

“రెండూ కలిసి ఉండకూడదా?” అని అడిగారు ఎగ్జామినరు గారు.

“ఉండొచ్చండి. అందుకే రక్తంలో అల్బుమిన్, నెఫ్రిటిక్‌లో తగ్గే కాంప్లిమెంట్ సీ త్రీ చూడాలండి. కానీ చర్మం మీద పుండ్లు చీము పట్టిన మూడు వారాలకి టీ రంగు మూత్రం, బీపీ, ఎర్రకణాల అచ్చులు ఉన్నప్పుడు ముందు అనుకోవాల్సింది ఇదేనండి. తల్లి వేస్తున్న స్టెరాయిడ్ మాత్రలు ఇప్పుడే ఆపాలండి.”

“నీ స్లైడు చూపించు.”

ఆయన కళ్ళజోడు తీసి మైక్రోస్కోపు మీద వంగారు. మైక్రోస్కోపు మరలు తిప్పుతూ చాలాసేపు చూశారు. లేచారు. సిస్టర్‌ని పిలిచి, “ఈ అబ్బాయిని పరీక్ష నుంచి తీసేయండి. వార్డులో చేర్చుకోండి, బీపీ గంటగంటకీ చూడాలి,” అన్నారు. నా పరీక్ష అక్కడితో అయిపోయిందో, నేనే అయిపోయానో తెలియకుండా బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

పాసయ్యానని తర్వాతెప్పుడో తెలిసింది. ఈలోగా రోజూ వార్డుకెళ్ళి ఆ సీసా చూసేదాన్ని. ఉప్పు, నీళ్ళు తగ్గించి, మూత్రం ఎక్కువ పోయే మందూ పెన్సిలినూ ఇచ్చారు. సీ త్రీ తక్కువని, అల్బుమిన్ దాదాపు మామూలేనని రిపోర్టు వచ్చింది. బీపీ దిగింది. డికాక్షన్ పలచబడుతూ కొబ్బరినీళ్ళ వైపు నడిచింది.

పంపించే రోజు తల్లికి అర్థమయ్యేలా చెప్పాను. కొన్నాళ్ళు మూత్రం, బీపీ చూపించుకుంటూ ఉండాలి, కానీ ఈ జబ్బు పిల్లల్లో ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది, అన్నకి వచ్చినట్టు మళ్ళీ మళ్ళీ రావడం చాలా అరుదు.

“మళ్ళీ రాదాండీ?”

“సాధారణంగా రాదమ్మా.”

పరీక్షల్లో అంత గడగడా అప్పజెప్పే మనిషి మాటలు వెతుక్కుంది.

“డాక్టరమ్మా, మీరు చెప్తే పెద్దసార్లు ఇన్నారంట కదండీ. పెద్దాడిది కూడా ఇదేనని రాసేయరాండీ?”

క్యారియర్ పట్టుకొచ్చిన పెద్దాడు తమ్ముడి మంచం మీదే కూర్చుని ఉన్నాడు. మాత్రలకి బూరెల్లా పొంగిన బుగ్గలు. వాడూ నా జవాబు కోసమే చూస్తున్నాడు. నెఫ్రాటిక్, నెఫ్రిటిక్ అని రెండు వరసల్లో కంఠతా పట్టిన చదువంతా ఉండి కూడా నాకు ఏడుపొచ్చింది.