పల్లం కాదు తాతా, ఆలస్యం

గోవిందరావు ఉద్యోగమంతా గూడ్సు బండ్లు నడపడంతోనే గడిచింది. ఊరంతా టీవీల ముందు చేరి క్రికెట్టు చూస్తున్న వేళ, ఆయన ఏ లూప్ లైనులోనో బండి పక్కకు ఆపుకుని సిగ్నలు కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. రిటైరై, రైల్వే తెలుగువాళ్లుండే సుభాష్‌పల్లిలో స్థిరపడ్డాక, తెలియని ఆటను గురించి ఇంకొకరిని అడగడం నామోషీ అనిపించింది. "కర్రతో కొట్టి పరిగెత్తడమే గదా, దానికేటి అంత గోల!" అని తేల్చేశాడు.

తేల్చి చెప్పడం ఆయనకు అలవాటు. బ్రేకు ఎప్పుడు వెయ్యాలో తేల్చుకోలేనివాడు బండి నడపలేడు. ఇంట్లో కూడా ఏ గొడవకైనా చివరి మాట ఆయనదే.

ఈసారి గొడవ మనవరాలు పూజది. పక్క ఊరు మేదినీపూర్‌లో అమ్మాయిలకు క్రికెట్టు శిబిరం పెడుతున్నారు, ఈ ఆదివారం మొదలు ప్రతి ఆదివారమూ. ఇక్కడ పూజకు ఆట నేర్పే కోచ్ హరిబాబు దానికి ఆమె పేరు చెప్పాడు. కానీ పూజ తండ్రి ప్రేమ్‌కుమార్ ఒప్పుకోలేదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు అతను. కూతురు ఆదివారాలు రైల్వే పరీక్షల కోచింగుకు పోవాలన్నది అతని పట్టు. మొన్న రైల్వే మైదానంలో పూజ జట్టు నాలుగు పరుగులతో ఓడిపోవడంతో ఆ పట్టు ఇంకా బిగిసింది.

"నలభై ఎనిమిది బంతులాడి ఇరవయ్యారు పరుగులు. షాపులో అందరూ నవ్వినారు నాన్నా," అన్నాడు డ్యూటీకి పోతూ. "నువ్వే సెప్పు. సాయంత్రం నానొచ్చే సరికి ఏదో ఒకటి తేల్చేయి."

అతను సైకిలెక్కగానే పూజ ఫోను పట్టుకుని తాత పక్కన చేరింది. మ్యాచ్ స్కోరంతా ఎక్కించే యాప్ ఒకటి ఉంది. ఆట అయ్యాక అదే బొమ్మలు గీసి ఇస్తుంది.

"తాతా, ఇది చూసి చెప్పు. నాన్న చెప్పింది విని కాదు."

"నాకు అర్థమవుద్దా అది?"

"నేను చెప్తాను కదా."

వంటింట్లోంచి ఆయన భార్య నూకాలమ్మ నవ్వింది. "ఆయనకి పప్పులో ఉప్పు నేదని సెప్తేనే అర్థమవదు. సెప్పు, సెప్పు."

మొదటి బొమ్మలో రెండు గీతలున్నాయి. అడుగున ఒకటి నుంచి ఇరవై దాకా ఓవర్లు, పక్కన నిలువుగా అంకెలు. నీలం గీత ఎనిమిది దగ్గర మొదలై ఐదో ఓవరుకల్లా నాలుగు దాకా కిందికి జారింది. మధ్యలో మూడు చుక్కలు. ఎర్ర గీత మాత్రం పదో ఓవరు దాకా మెల్లగా పైకెక్కుతూ ఉంది.

గోవిందరావు కళ్లజోడు సర్దుకున్నాడు. ఇలాంటి గీతలు ఆయనకు కొత్త కాదు. లైనులో ఎక్కడ ఎక్కుడుందో, ఎక్కడ దిగుడుందో ఇలాగే గీసి ఉంటుంది.

"ఓస్, ఇదా! నీలం మీదే గదా? మొదట్లో మంచి పల్లం తగిలింది మీకు. బండి దానంతటదే జారతాది. మరి ఓడిపోనారేటి?"

పూజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పల్లం కాదు తాతా. అది మన స్పీడు. ఓవరుకు సగటున ఎన్ని పరుగులు వస్తున్నాయో ఆ గీత చెప్తుంది. కిందికి దిగిందంటే మనం నెమ్మదించామని. ఆ చుక్కలు వికెట్లు. ఐదు ఓవర్లలో మూడు పోయాయి."

"మరి ఎర్రది?"

"మిగిలిన ఓవర్లలో గెలవడానికి ఓవరుకు ఎన్ని కావాలో అది. మొదట ఆరు చాలు. మేం నెమ్మదించిన కొద్దీ పెరుగుతుంది. పదో ఓవరయ్యేసరికి ఏడున్నర దాటింది చూడు."

గోవిందరావు ఎర్ర గీత వెంట వేలు పోనిచ్చాడు. తర్వాత తొడ మీద చరిచాడు. "లేటు! బండి లేటైనాది. టయానికి సేరాలంటే మిగిలిన దూరం ఇంకెంత జోరుగా నడపాలో ఎర్ర గీత సెప్తున్నాది. అంతేగా?"

"అంతే!"

"పదో ఓవరు తర్వాత నీలం లేస్తున్నాది, ఎర్రది దిగుతున్నాది. లేటు తగ్గించినారు. ఎవులు?"

పూజ తర్వాతి బొమ్మ తెరిచింది. అడ్డంగా పరిచిన పట్టీలు. ఒక్కో పట్టీ ఒక్కో జోడీది. ఆ ఇద్దరూ విడిపోయేలోగా జట్టుకు ఎన్ని పరుగులు వచ్చాయో దాని పొడవు చెబుతుంది. మొదటి మూడూ వేలెడంత లేవు. నాలుగోది తెర ఆ చివరి దాకా సాగింది.

"డెబ్భై నాలుగు. ఏంజలిన్, నేను. ఇటు రంగు ఏంజలిన్‌ది, యాభై రెండు. అటు నాది, పదిహేడు. మిగతా ఐదూ వైడ్లూ అవీ. నేను అవుటయ్యాక పట్టీలు చూడు, మళ్లీ పొట్టివే."

"నువ్వు పదిహేడేనా?"

"ఆ. ముందు జోడీల్లో ఇంకో తొమ్మిది." పూజ గొంతు తగ్గింది. "కానీ అవతల నేను నిలబడ్డాను కాబట్టే తను కొట్టగలిగింది తాతా. ఇంకో వికెట్టు పడితే అక్కడే అయిపోయేది."

చక్రధర్‌పూర్ అవతల ఎక్కుడు మీద బరువు బండికి వెనక ఇంకో ఇంజను పెట్టి తోయిస్తారు. ముందు ఇంజనునే అందరూ చూస్తారు. వెనకది లేకపోతే బండి నడిమధ్యలో నిలిచిపోతుంది. గోవిందరావు ఆ వెనక ఇంజనులో చాలాసార్లు కూర్చున్నాడు. ఆ మాట పైకి అనకుండా, "ఇంకేటున్నాది సూపించు," అన్నాడు.

పూజ తటపటాయించింది. "ఇంకేం లేదు."

"ఆ మూల గుండ్రటిదేటి?"

తప్పక తెరిచింది. "దీన్ని వ్యాగన్ వీల్ అంటారు. గుండ్రంగా ఉన్నది మైదానం. నేను పరుగు తీసిన ప్రతి బంతీ ఎటు వెళ్లిందో ఒక్కో గీత. అంచు దాకా పోయినవి ఫోర్లు."

"పరుగు రాని బంతులో?"

"అవి ఇందులో కనపడవు."

"అంటే శానా బంతులు కనపడవన్నమాట." ఆయన వేలితో బొమ్మను సగానికి కోసినట్టు గీశాడు. గీతలన్నీ ఒకే సగంలో ఉన్నాయి. రెండో సగంలో రెండు పొట్టి గీతలు, అంతే. "ఇటేటి, అంతా ఖాళీ?"

"అది ఆఫ్ సైడు. కాళ్ల వైపు వస్తే కొట్టగలను. అటు బయట వేస్తే కొట్టలేను, ఆపడమే వచ్చు. పదో ఓవరు దాకా వాళ్లు అటే వేశారు." ఆమె తల దించుకుంది. "నాన్నకు ఇది చూపించకు తాతా. పట్టీల బొమ్మ చాలు."

"ఆడు ఊరికే అనలేదన్నమాట."

పూజ ఫోను కోసం చెయ్యి చాపింది. ఆయన మాత్రం ఫోను తిరిగి ఇవ్వలేదు.

ప్రేమ్‌కుమార్ నూనె మరకల చొక్కాతో వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. "తేల్చినావా నాన్నా?"

"ఇలా రా. సూడు." గోవిందరావు ముందుగా తెరిచింది ఆ గుండ్రటి బొమ్మనే. పూజ కళ్లు మూసుకుంది. "నీ కూతురికి ఈ సగం ఆటే వచ్చు. ఆ సగం రాదు. అందుకే లేటైనాది. నువ్వన్నది నిజమే."

"సెప్పలేదేటి నాను?"

"ఆగు. ఇది సూడు." పట్టీలు చూపించాడు. "సగం ఆటతోనే ఇంతసేపు నిలబడి పక్కదాని చేత బండి లాగించినాది. పూర్తిగా నేర్పితేనో? ఒరే, మీ షాపుకి బండి ఎందుకొస్తాది? రిపేరుంటేనే గదా. అన్నీ బాగున్నదాన్ని శిబిరానికి పంపి ఏటి సేస్తావు?"

ప్రేమ్‌కుమార్ చేతి నూనె చొక్కాకు తుడుచుకుని ఫోను దగ్గరికి తీసుకున్నాడు. "మరి కోచింగు?"

"మిగిలిన ఆరు రోజులూ సదువుతాది. సదవకపోతే నాను ఊరుకోను."

"నువ్వే దగ్గరుండి సదివించాలి మరి."

"సదివిస్తాను. డ్యూటీయా పాడా, నాకు పనేటున్నాది?"

"ఠీక్ హై," అన్నాడు ప్రేమ్‌కుమార్ లేస్తూ. "మేదినీపూర్ లోకలు బండి ఎన్ని గంటలకో కనుక్కో. పిల్ల ఒక్కర్తీ ఎల్లడానికి నేదు."

"ఆదివారం నాను తీసుకెల్తాను," అన్నాడు గోవిందరావు. తర్వాత మనవరాలి వైపు తిరిగాడు. "ఒలే, అక్కడ కోచ్‌కి ముందు ఏ బొమ్మ సూపిస్తావు?"

పూజ ఫోను అందుకుంది. ఒక్క క్షణం పట్టీల మీద ఆమె వేలు ఆగింది. తర్వాత ఖాళీ సగం ఉన్న బొమ్మను హరిబాబుకు పంపింది. దాని కింద, 'సర్, ముందు ఈ వైపు నేర్పించమని శిబిరం కోచ్‌కు చెప్పండి' అని రాసింది.