స్క్వేర్ ఎగిరిపోయిన మూడో లైను

ఆవిణ్ణి కాలేజీలో అందరూ ముక్కోణం మేడమ్ అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఆవిడకీ తెలుసు. ఏ లెక్క చెప్పాలన్నా చాక్‌పీస్ చేతికి రాగానే ముందు బోర్డు మీద ఒక లంబకోణ త్రిభుజం పడాల్సిందే, అది గీయకపోతే ఆవిడకి నోట మాట రాదు. ఓసారి మరీ, సెలవు కావాలని రాసిన అర్జీ మార్జిన్‌లో కూడా చిన్న త్రిభుజం కనిపించిందని స్టాఫ్ రూమ్‌లో నెల రోజులు నవ్వుకున్నారు.

పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే పాఠం చెప్తోంది. ఏటా జూన్‌లో కాగితం పొడిగిస్తారు, ఏటా మే నెలంతా ఆవిడ ఆఫీసు చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఈ ఏడు మాత్రం పర్మనెంట్ ఫైలు కదిలింది. అన్ని సంతకాలూ అయిపోయి ఒక్కటే మిగిలింది, అది డిపార్ట్‌మెంట్ హెడ్‌ది, అదీ పడితే ఫైలు కమిటీకి వెళ్తుంది. ఆ హెడ్డే ఈ ఏటి పరీక్ష పేపర్లు దిద్దే క్యాంపుకి చీఫ్ ఎగ్జామినర్ కూడా. మోటార్లు రిపేరు చేసే ఆవిడ మొగుడు పొద్దున షాపు తాళాలు తీసుకుంటూ, "ఈ వారం రోజులు నోటికి తాళం వేసుకో, ఆ సంతకం పడ్డాక నీ ఇష్టం" అన్నాడు. సరేనంది. నిజంగానే సరే అనుకుంది.

క్యాంపు అంటే పెద్ద హాలు. బల్లలు, బల్లల మీద దారంతో కట్టిన పేపర్ల కట్టలు, ఎర్ర పెన్నులు, చల్లారిపోయిన టీ. తిరిగే ఫ్యాన్లు నాలుగు, చప్పుడు చేసే ఫ్యాన్లు ఆరు. ముందు అరుగు మీద చీఫ్ బల్ల. దాని పక్కన గోడకి నల్లబోర్డు, ఎప్పుడో ఎవరో రాసిన తేదీ దాని మీద ఇంకా అలాగే ఉంది. అందరి చేతుల్లోనూ ఒక టైపు చేసిన కాగితం. దాన్నే కీ అంటారు, తయారుచేసింది చీఫే, ఏ ప్రశ్నకి ఏది జవాబు, ఏ మెట్టుకి ఎన్ని మార్కులు అన్నీ అందులోనే. అక్కడ పని జరిగే తీరు ఏంటంటే, మనిషికి రోజుకి నలభై పేపర్లు పడాలి కాబట్టి మెట్లన్నీ ఎవడూ చదవడు. ఎనిమిది మార్కుల ప్రశ్నైతే చివరి లైను కీతో పోలుస్తారు, కలిస్తే ఎనిమిది, కలవకపోతే పైపైన చూసి మూడో నాలుగో పడేస్తారు.

పద్నాలుగో ప్రశ్న, టాన్ ఇన్వర్స్ ఎక్స్ డెరివేటివ్‌ని త్రిభుజం సాయంతో రాబట్టమని. మేడమ్ కూడా అందరిలాగే చివరి లైను పోల్చింది, కలవలేదు, మూడేసింది. రెండో పేపరూ కలవలేదు, మూడు. మూడో పేపరు తిప్పేసరికి చెయ్యి ఆగింది. ఆ పిల్లో పిల్లాడో గీసిన త్రిభుజం అచ్చం ఆవిడ గీసేదే, అడుగు ఒకటి, ఎత్తు ఎక్స్. కింద జవాబు ఒకటి బై వన్ ప్లస్ ఎక్స్ స్క్వేర్. కీలో చూస్తే కింద అదే వన్ ప్లస్ ఎక్స్ స్క్వేర్, కాకపోతే నెత్తిన రూట్ గొడుగు పట్టి ఉంది.

తను మూడేసి వేసిన రెండు పేపర్లూ మళ్లీ తీసి చూసింది. రెండూ రైటే.

పక్కన వచ్చే ఏడు రిటైరయ్యే మాస్టారు కూర్చున్నాడు. ఆయనకి చూపించింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని ఒకసారి చూశాడు, మళ్లీ కిందకి లాక్కున్నాడు. పొద్దుట్నుంచీ తను కూడా అలాగే కొట్టేశానని, మనం కీకి గుమాస్తాలం తప్ప దానికి తాతలం కాదని, కదిపావంటే తుట్టె కదిపినట్టేనని గొణిగాడు. మేడమ్‌కి మొగుడి మాట గుర్తొచ్చింది. ఓ రెండు నిమిషాలు ఎర్ర పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి కూర్చుంది. తర్వాత పేపరూ కీ రెండూ పట్టుకుని అరుగు దగ్గరికి నడిచింది.

చీఫ్ తలెత్తలేదు. విన్నాడు, నవ్వాడు. ఆ నవ్వు ఆవిడకి పదకొండేళ్లుగా అలవాటే.

"మేడమ్, సైన్ ఇన్వర్స్‌కి కింద రూట్ ఉందా? ఉంది. కాస్ ఇన్వర్స్‌కి? ఉంది. ఒక్క తల్లి పిల్లలు. ఇదొక్కటే రూట్ లేకుండా ఎలా పుట్టిందంటారు?"

హాల్లో నాలుగైదు బల్లల వాళ్లు నవ్వారు. మేడమ్ బోర్డు తుడిచింది. ముందు త్రిభుజం పడింది, మళ్లీ నవ్వులు. ఆవిడ వినిపించుకోలేదు. వై అనేది ఎక్స్‌కి టాన్ ఇన్వర్స్ అనుకుంటే, తిప్పి చెప్తే టాన్ వై ఈక్వల్స్ ఎక్స్, అంటే ఎత్తు ఎక్స్, అడుగు ఒకటి, కర్ణం రూట్ ఆఫ్ వన్ ప్లస్ ఎక్స్ స్క్వేర్. ఇప్పుడు వైని విడదీయకుండా, అది ఎక్స్‌తో పాటు మారుతుందని గుర్తుపెట్టుకుని రెండు పక్కలా డెరివేటివ్ తీస్తే, కుడి పక్క ఒకటి, ఎడమ పక్క సెక్ స్క్వేర్ వై ఇంటూ డీవై బై డీఎక్స్. అక్కడ స్క్వేర్ మీద సున్నా చుట్టింది చాక్‌పీస్‌తో. కాబట్టి డీవై బై డీఎక్స్ అంటే కాస్ స్క్వేర్ వై. త్రిభుజంలో కాస్ వై అంటే అడుగు బై కర్ణం, అంటే ఒకటి బై రూట్. అది స్క్వేరయ్యేసరికి రూట్ ఎగిరిపోయింది.

"సైన్ ఇన్వర్స్‌లో కాస్ ఒంటరిగా వస్తుంది సర్, రూట్ దాన్ని పట్టుకుని వేలాడుతుంది. ఇక్కడ జంటగా వచ్చింది. రూట్ ఇంటూ అదే రూట్, ఇంకా రూట్ ఎక్కడుంటుంది? పైన ఒకటి, కింద మామూలు పాలినామియల్. మీ కీలో మూడో లైన్లో సెక్ మీద స్క్వేర్ లేదు."

చీఫ్ మొహంలో నవ్వు పోయింది కానీ గొంతులో వెటకారం పోలేదు. ఆయన శిష్యుడు ఒకడు ఉన్నాడు, కొత్తగా డాక్టరేట్ వచ్చింది, అందరూ డాక్టరుగారు అనే పిలవాలని కోరుకుంటాడు. వాడు లేచాడు. ఎక్స్ మైనస్ అయితే ఆ త్రిభుజానికి మైనస్ ఎత్తు ఎక్కణ్ణుంచి తెస్తారు మేడమ్, గొయ్యి తవ్వుతారా అన్నాడు. ఈసారి హాలంతా నవ్వింది.

ప్రశ్న మంచిదే, అడిగిన తీరే మంచిది కాదు. మేడమ్ ఒప్పుకుంది, త్రిభుజం ఎక్స్ ప్లస్ అయినప్పటి బొమ్మేనని. కానీ సెక్ స్క్వేర్ వై అంటే వన్ ప్లస్ టాన్ స్క్వేర్ వై, అది ఏ గుర్తుకైనా నిజమే, టాన్ వై అంటే ఎక్స్, కాబట్టి వన్ ప్లస్ ఎక్స్ స్క్వేర్, త్రిభుజం చెరిపేసినా జవాబు అదే అంటూ నిజంగానే త్రిభుజం చెరిపేసింది. ముక్కోణం మేడమ్ చేత్తో త్రిభుజం చెరపడం ఆ హాలు అదే మొదటిసారి చూడటం. టాన్ డెరివేటివ్‌ని టాన్‌తోనే, రూట్ లేకుండా చెప్పుకోవచ్చు. సైన్ డెరివేటివ్ కాస్ కదా, దాన్ని సైన్‌లో రాయాలంటే రూట్ కాళ్లు పట్టుకోక తప్పదు. తేడా అంతా అక్కడే ఉందంది.

డాక్టరుగారు వినకుండా కూర్చోబోతుంటే, కాలిక్యులేటర్ రేడియన్లలో పెట్టి టాన్ ఇన్వర్స్ ఒకటీ, టాన్ ఇన్వర్స్ ఒకటి పాయింట్ సున్నా ఒకటీ కొట్టమంది. వాడే కొట్టాడు. పాయింట్ 785398, పాయింట్ 790373. తేడాని పాయింట్ సున్నా ఒకటితో భాగిస్తే దాదాపు సగం. ఆవిడ సూత్రంలో ఎక్స్ ఒకటి వేస్తే సరిగ్గా సగం. కీ ప్రకారం పాయింట్ ఏడు రావాలి. వాడు కాలిక్యులేటర్ బల్ల మీద బోర్లించి కూర్చున్నాడు.

ఇప్పుడు నవ్వు లేదు.

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. తలుపు దగ్గర కంప్యూటర్ ముందు కూర్చున్న టైపిస్టుని పిలిచాడు. స్క్వేర్ కొట్టడం మర్చిపోయి ఇంతమంది పిల్లల మార్కులతో ఆడుకుంటావా, రేపట్నుంచి రావక్కర్లేదు అన్నాడు. ఆ టైపిస్టు ముప్పయ్యేళ్ల వాడు, రోజు లెక్కన పని, తల దించుకున్నాడు. వ్యవహారం అక్కడితో అయిపోయేది. చీఫ్‌కి పరువు దక్కేది, పిల్లలకి మార్కులు దక్కేవి, ఆవిడకి బహుశా సంతకం కూడా. మేడమ్ చేతిలో చాక్‌పీస్ కింద పెట్టేసి మెట్టు దిగబోయింది కూడా.

మళ్లీ ఆగింది.

"టైపిస్టు మూడో లైన్లో స్క్వేర్ మర్చిపోవచ్చు సర్. కానీ నాలుగో లైన్లో కాస్ వైకి కూడా స్క్వేర్ లేదు, ఐదో లైన్లో రూట్ ఉంది. టైపిస్టు తప్పు ఒక్కచోట పడుతుంది. ఆ తప్పుని చివరిదాకా తప్పు లేకుండా నడిపించాలంటే లెక్క వచ్చినవాడే కావాలి."

హాల్లో ఎవరో దగ్గారు. చీఫ్ చేతిసంచీ తెరిచి నీలం అట్ట ఫైలు తీశాడు, పైన ఆవిడ పేరు. బల్ల మీద పెట్టి, దాని మీద కళ్లజోడు పెట్టాడు.

"ఇది ఈ నెల కమిటీకి వెళ్లదు. నలుగురితో సర్దుకుపోయే గుణం లేదని రాయాల్సి వస్తుంది. రాయమంటారా, లేక వచ్చే ఏడు చూద్దామా?"

"మీ ఇష్టం సర్. కీ మాత్రం ఈ పూటే మార్చండి."

మార్చాడు. మార్చక చస్తాడా, అంతమంది చూశాక. సవరించిన కీ పంచారు, కింద ఎవరి పేరూ లేదు. పొద్దుట్నుంచీ దిద్దిన పేపర్లన్నిట్లో పద్నాలుగో ప్రశ్న ఒక్కటీ మళ్లీ చూడాలి, ఆ పని కనిపెట్టినావిడే చేస్తుందని చీఫ్ ప్రకటించాడు. బల్లల మీంచి కట్టలొచ్చి ఆవిడ ముందు గోడలా పేర్చుకున్నాయి. ఇచ్చేవాడొకడైనా మొహం చూసి ఇవ్వలేదు. రిటైరయ్యే మాస్టారు మాత్రం తన కట్ట పెడుతూ, ఈ గొడవలో సాయంత్రం బస్సు కూడా తప్పించావు తల్లీ అని విసుక్కున్నాడు.

టైపిస్టు వచ్చాడు. థాంక్స్ చెప్తాడేమో అనుకుంది.

"నన్నెందుకు మేడమ్ మధ్యలోకి లాగారు? ఆయన నెలకోసారి రావద్దంటాడు, మర్నాడు రమ్మంటాడు. నాలుగు తిట్లు తిని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నన్ను చూసినప్పుడల్లా ఆయనకి మీ మాటే గుర్తొస్తుంది."

సారీ బాబూ అంది. వాడు వెళ్లిపోయాడు.

మూడు కొట్టేసి ఎనిమిది వేయడం మొదలుపెట్టింది. రూట్ రాసినవాళ్లకి ఎనిమిది కొట్టేసి, టాన్ వై అని తిప్పినందుకూ త్రిభుజానికీ కలిపి నాలుగు. ముందు తన రెండు పేపర్లు తీసి దిద్దింది, తర్వాత మిగతావి. క్యాంపులో ఒక నియమం ఉంది. వేసిన మార్కు మారిస్తే పక్కన మార్చినవాళ్ల పొట్టి సంతకం ఉండాలి, దాని కింద చీఫ్ సంతకం కూడా ఉండాలి, లేకపోతే ఆ మార్పు చెల్లదు. ఆ నియమం రాసింది కూడా ఈ చీఫే, నాలుగేళ్ల కింద.

మొదటి కట్ట తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది. ఆయన నీలం ఫైలు పక్కకి జరిపి పెన్ను తీశాడు. ఒకటి, రెండు, పదహారు, ముప్పై. హాలు ఖాళీ అవుతోంది, అటెండరు కిటికీలు మూస్తున్నాడు. రెండో కట్ట, మూడో కట్ట. చీఫ్ వేళ్లు విరుచుకున్నాడు, తల ఎత్తకుండానే ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగాడు.

"ఈ ప్రశ్నవి ఇంకో డెబ్భై ఉన్నాయి సర్" అంది మేడమ్. నించునే ఉంది.

ఆయన పెన్ను విదిలించి తర్వాతి పేపరు లాక్కున్నాడు.