సత్యకుమారి ఇచ్చిన గంట

ఆకివీడులో సత్యకుమారి షాపుని అందరూ ల్యాబనే అంటారు. చెరువుల నుంచి నీళ్లు, రొయ్యలు సీసాల్లో తెచ్చి ఇస్తే పరీక్ష చేసి రిపోర్టు ఇస్తుంది. పదేళ్లుగా ఆవిడది ఒకటే పట్టుదల. ఎవరి చెరువు సంగతి వాళ్లకే చెబుతుంది, పక్కగట్టు బావమరిది అడిగినా సరే. రొయ్యలకి ప్రాణాంతకమైన తెల్లమచ్చ తెగులు తగిలిందని కొనేవాళ్లకి ముందే తెలిస్తే ఇక రైతు బేరమాడలేడు.

ఈమధ్య అదే జరుగుతోంది. రిపోర్టు రైతు చేతికి అందేలోపే గట్టు మీద కొనేవాళ్ల బళ్లు ఆగుతున్నాయి. "మా చెరువు జబ్బు మాకే ఆఖర్న తెలుస్తోందండి" అని గంగాధర్ అనే రైతు నవ్వుతూనే అన్నాడు. ఆవిడకి రెండు రోజులు అన్నం సయించలేదు.

అంతలో రిపోర్టుల ప్రింటింగ్ మొరాయించింది. రాజమండ్రిలో ఇంట్లో కూర్చునే నెట్ ద్వారా కంప్యూటర్లు బాగుచేసే ఉదయభాస్కర్‌ని కుదుర్చుకుని, ముందుగా ఈ ఉత్తరం పంపింది.

"ఉదయభాస్కర్ గారికి, బుధవారం మూడింటి నుంచి నాలుగింటి వరకు మా కంప్యూటర్‌లోకి రావడానికి ఒప్పుకుంటున్నాను. ప్రింటింగ్ పని మాత్రమే చూడాలి. రైతుల రిపోర్టుల ఫోల్డరు తెరవకూడదు, ఏ ఫైలూ కాపీ చేసుకోకూడదు. కొత్తగా ఏం పెట్టాలన్నా, దేన్ని మార్చాలన్నా ముందు నాకు ఫోన్ చేయాలి. నేను స్క్రీన్ ముందే కూర్చుంటాను. పనయ్యాక పర్మిషన్ తీసేస్తాను. ఏమీ అనుకోకండి, ఇవి నావి కావు, రైతులవి."

బుధవారం మూడింటికి యాక్సెప్ట్ నొక్కింది. స్క్రీన్ మీద బాణం గుర్తు దానంతటదే కదలసాగింది. పది నిమిషాలకి అది ఆగిపోయింది. ఫోన్ మోగింది.

"అమ్మా, ఇంకెవరికైనా పర్మిషన్ ఇచ్చారాండి?"

"లేదండి. మీకొక్కరికే."

"కుడిపక్క చిన్న బాక్సులో చూడండి. రెండు పేర్లున్నాయి. ఒకటే నాది. ఆ సెట్టింగులు తెరిస్తే ఎప్పట్నుంచి వస్తున్నారో తెలుస్తుంది. కానీ మీ ఉత్తరంలో అది లేదు కదండి, అందుకే ముట్టుకోలేదు."

ఆవిడ చూసింది. రెండో పేరు అంకెలే. ఉదయభాస్కర్ బాణాన్ని వదిలేసినా అది మెల్లగా రైతుల ఫోల్డరు వైపు జరిగింది.

"ముందు నెట్ వైరు పీకేయండి. నేనూ బయటికి వచ్చేస్తాను, పర్లేదు."

పీకేసింది. బాణం ఆగింది. తర్వాత ఫోన్‌లో అతను చెబుతుంటే తనే సెట్టింగులు తెరిచింది. ఎవరూ యాక్సెప్ట్ నొక్కకుండానే లోపలికి రావడానికి ఓ పాస్‌వర్డు పెట్టి ఉంది. ఆవిడ పెట్టింది కాదు. పక్కన తేదీల వరస మార్చి నుంచి ఉంది. దాన్ని ఫోటో తీసుకున్నాక పాస్‌వర్డు తీసేయించి, మెషిన్ మొత్తం దగ్గరుండి ఎవరిచేతైనా చూపించేదాకా నెట్ పెట్టొద్దన్నాడు.

ఆఖరి తేదీ ఈరోజుదే, పన్నెండింటికోసారి, మూడింటికోసారి. గంగాధర్ రిపోర్టు ఆవిడ పొద్దున పదకొండింటికి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తెల్లమచ్చే. అతను నాలుగింటికి వచ్చి తీసుకుంటానన్నాడు.

గంగాధర్‌కి ఫోన్ చేసింది.

"ఇప్పుడే బయల్దేరదామనుకుంటున్నానండి, ఇక్కడేమో రెండు బళ్లు వచ్చి ఆగాయి. ఏం తేలిందేంటండి?"

అవతల చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ల హోరు వినిపిస్తోంది. తెల్లమచ్చేనని, ఆ బళ్లవాళ్లకి అది ముందే తెలుసని ఆవిడ చెప్పింది.

"వాళ్లకెలా తెలిసిందండి?" అన్నాడు.

"నా దగ్గర్నుంచే" అంది సత్యకుమారి.